ఒక పాత ఫోటో, మూడు చీటీలు: రిటైర్ అవుతున్న సిస్టర్ గురించి సభలో మాట్లాడే ప్రసంగం ఎలా రాయాలి

పీహెచ్‌సీ స్టాఫ్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. సిస్టర్ ఈ నెలాఖరుకు రిటైర్ అవుతున్నారు, సన్మాన సభలో స్టాఫ్ తరఫున మీరే మాట్లాడాలి అని. కింద ఎవరో ఒక పాత ఫోటో పెట్టి ఉంటారు. మర్నాడు చేత్తో రాసిన చీటీలు మూడు మీ టేబుల్ మీదికి వస్తాయి. చేతిలో ఉన్నది అంతే. టైమ్ నాలుగైదు రోజులు.

చాలామంది ఇక్కడే పాత ప్రసంగం ఒకటి వెతికి పేరు మార్చి చదివేస్తారు. 'అంకితభావం, క్రమశిక్షణ, అందరితో కలుపుగోలుతనం' అని. ఆ మాటలు పోస్టుమాస్టరుకైనా సరిపోతాయి, తహసీల్దారుకైనా సరిపోతాయి. ముప్పై ఏళ్లకు పైగా తండాల్లో తిరిగిన ఏఎన్ఎమ్‌కు ఆమెవే అయిన మాటలు దక్కాలి. అవి ఆ ఫోటోలోనే, ఆ చీటీల్లోనే ఉంటాయి. వాటిని ఎలా బయటికి తీయాలో నల్గొండ జిల్లా దేవరకొండ వైపు పనిచేసిన ఒక సిస్టర్‌ను ఉదాహరణగా పెట్టుకొని చూద్దాం. పేర్లు వద్దు, పని పద్ధతి చాలు.

ముందు ఫోటోను సరిగ్గా తెప్పించుకోండి

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పెద్దది చేస్తే మసకబారుతుంది. పంపినవాళ్లను అడిగి అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపించుకోండి. అసలు ప్రింటు ఎవరి దగ్గరుందో తెలిస్తే ఇంకా మంచిది. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పైనుంచి నిటారుగా కొత్త ఫోటో తీయమనండి. వెనక వైపు కూడా తీయమనడం మరిచిపోవద్దు. పాత ప్రింట్ల వెనక స్టూడియో ముద్రో, పెన్నుతో రాసిన ఊరి పేరో, తేదీయో ఉండవచ్చు.

ఇప్పుడు ఒక కాగితం మీద నిలువు గీత గీయండి. ఎడమ వైపు కంటికి కనిపించేది మాత్రమే రాయండి. కుడి వైపు దాన్ని బట్టి మీరు అనుకునేది రాయండి. ఈ రెండూ కలిసిపోతే ప్రసంగంలో తప్పులు దొర్లుతాయి, అవి సభలో కూర్చున్న వాళ్ల ముందే బయటపడతాయి.

మన ఉదాహరణలో ఎడమ వైపు ఇలా ఉంటుంది. చీర కట్టుకున్న సిస్టర్, భుజానికి నీలం రంగు వ్యాక్సిన్ డబ్బా. ముందు అద్దాల రవిక వేసుకున్న లంబాడీ తల్లి, చంకలో బిడ్డ. బిడ్డ ఎడమ చేతి చిటికెన వేలి గోరు మీద నల్లటి మచ్చ. వెనక మట్టి గోడ, దాని మీద సుద్దతో గీసిన ఎక్స్ గుర్తు. ఫోటో మూలన నారింజ రంగు అంకెలు, 1994 అని.

కుడి వైపు రాయాల్సినదంతా ఆ గోరులో, ఆ గోడలో, ఆ అంకెల్లో ఉంది. చిటికెన వేలి గోరు మీద మార్కర్ గుర్తు పెట్టేది పల్స్ పోలియో చుక్కలు వేసినప్పుడు. గోడ మీద సుద్ద గుర్తు పెట్టేది ఇంటింటికీ తిరిగేటప్పుడు. ఆ ఇంట్లో 5 ఏళ్ల లోపు పిల్లలందరికీ చుక్కలు పడితే పి అని, ఒక్కరు మిగిలినా, ఇంటికి తాళం వేసి ఉన్నా ఎక్స్ అని రాస్తారు. బిడ్డ వేలికి మచ్చ ఉండి కూడా గోడ మీద ఎక్స్ ఉందంటే, ఆ ఇంట్లోనే ఇంకో పిల్లో పిల్లాడో మిగిలి ఉండాలి. లేదా ఆ గోడ పక్కింటిది కావాలి. రెండింటిలో ఏదో ఫోటో చెప్పదు. అందుకే అది కుడి వైపు ప్రశ్నగానే ఉండాలి.

మరి 1994? దేశమంతటా పల్స్ పోలియో మొదలైందే 1995 చివర్లో. ఇంటింటికీ తిరిగి చుక్కలు వేయడం 1999-2000 నుంచి వచ్చింది. కాబట్టి ఆ అంకెలు తప్పు. పాత రీలు కెమెరాల్లో తేదీ సెట్ చేయకపోతే ఏదో ఒక సంవత్సరం పడిపోయేది. ఫోటో 1999 కంటే ముందుది కాదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు. సభలో '1994లో మన సిస్టర్' అని మొదలుపెడితే ముందు వరుసలో కూర్చున్న హెల్త్ సూపర్‌వైజర్ మనసులోనే లెక్క వేసుకుంటారు.

చీటీలను ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి

చేతిరాత చదివేటప్పుడు మన బుర్ర ఖాళీలు నింపేస్తుంది. అలా కాకుండా ఉండాలంటే మొదటిసారి ఏమీ సరిదిద్దకుండా అక్షరం అక్షరం ఎత్తి రాసుకోవాలి. అర్థం కానిచోట ఖాళీ పెట్టి ప్రశ్న గుర్తు వేయాలి. వ, ప కలిసిపోయే రాతలుంటాయి. మ, య తేడా తెలియని రాతలుంటాయి. అంకెల్లో 1, 7 ఒక జత, 3, 8 ఇంకో జత. సరిగ్గా ఈ అంకెలే ప్రసంగంలో సంవత్సరాలుగా, తండాల లెక్కగా వచ్చి కూర్చుంటాయి.

మన దగ్గరున్న చీటీలు ఇవి.

ఆశా కార్యకర్త రాసినది: 'బత్తాయి తోటకు పోయిన్రు. ఇంటికి తాళం. అక్క రాత్రి మల్లొచ్చింది. టార్చి. పిల్లగాడు నిద్రల ఉండె.'

ఫార్మసిస్టు రాసినది: 'సాయంత్రం వచ్చి ఐస్ ప్యాకులు మార్చియ్యమనేది. డబ్బా ఎండకు పెడితే ఊకునేది కాదు.'

ఎప్పుడో రిటైర్ అయిన పెద్ద సూపర్‌వైజర్ సారు రాసినది: 'జాయినింగ్ 83 (88?). 7 తం. (1?). వానకాలం వాగు దాటి.'

మూడో చీటీలో రెండు అంకెలు అనుమానమే. వయసు లెక్క వేసి తేల్చేద్దామని అనిపిస్తుంది. కానీ 61 ఏళ్లకు రిటైర్ అయ్యే మనిషికి 83లో ఇరవైకి అటూ ఇటూ ఉంటాయి, 88లో ఇరవై అయిదుకు అటూ ఇటూ ఉంటాయి. రెండు వయసుల్లోనూ ఉద్యోగంలో చేరవచ్చు. లెక్క తేల్చదు కాబట్టి ఆఫీసులో సర్వీస్ రిజిస్టర్ చూసే క్లర్కును అడగాలి. మన ఉదాహరణలో 1988 అని తేలింది అనుకుందాం. తండాల సంగతికి సారుకు ఫోన్ చేయాలి. 'తం.' అంటే తండానా, తండాలా, ఒకటా ఏడా? ఆయన ఏడు అన్నారు. ఆ ఫోన్‌లోనే వాగు సంగతి కూడా అడగండి. ఏ వాగు, ఎవరు దాటించేవాళ్లు, ఎన్ని రోజులు దారి ఉండేది కాదు? వివరం వస్తే వాడుకోవచ్చు. 'అట్ల అందరూ దాటేటోళ్లే' అని ఆయన తేల్చేస్తే ఆ మాట పక్కన పెట్టండి.

ఫోటోకూ చీటీకీ తొందరపడి ముడి పెట్టవద్దు

ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ మొత్తం పనిలో ఎక్కువ పొరపాటు జరిగేది ఈ చోటే.

ఫోటోలో ఎక్స్ గుర్తు ఉంది. ఆశా చీటీలో తాళం వేసిన ఇల్లు ఉంది. చూడగానే రెండూ ఒకటే కథ అనిపిస్తుంది. ఫోటోలో ఉన్న ఇంటికే సిస్టర్ రాత్రి మళ్లీ వెళ్లిందని రాసేస్తే ఎంత బాగుంటుందో కదా అని చేయి లాగుతుంది. రాయకండి. ఆశా వ్యవస్థ వచ్చింది 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో. ఫోటో అంతకంటే ముందుది అయితే ఆ రోజు ఆమె ఆశాగా అక్కడ ఉండే అవకాశమే లేదు. ఆమె చూసింది వేరే సంవత్సరం, వేరే ఇల్లు కావచ్చు.

అడగడం తేలికే. 'చెల్లె, నువ్వు రాసిన తాళం ఇల్లు ఏ తండాలది? నువ్వు డ్యూటీల చేరినంకనా, ముందా?' అని ఒక్క ఫోన్. మన ఉదాహరణలో ఆమె చెప్పింది ఇది: తాను ఆశాగా చేరిన తర్వాతి సంగతి, ఫోటోలో ఉన్నది వేరే తండా. ఆ ఇంటివాళ్లు బత్తాయి తోటలో కాయ తెంపే పనికి పొద్దున్నే పోయారు, చీకటి పడ్డాక గానీ రాలేదు. సిస్టర్ పీహెచ్‌సీకి పోయి డబ్బాలో ఐస్ ప్యాకులు మార్చుకొని మళ్లీ వచ్చింది. పిల్లాడు నిద్రలో ఉంటే తల్లి లేపి కూర్చోబెట్టింది.

చూడండి, అడిగినందుకు పోయిందేమీ లేదు. ఫార్మసిస్టు చీటీలోని ఐస్ ప్యాకులు ఇప్పుడు ఆ రాత్రి పక్కకు వచ్చి నిలబడ్డాయి. అయినా ఫార్మసిస్టును కూడా ఒక మాట అడగాలి, రాత్రి పూట అలా మార్చి ఇచ్చిన గుర్తు ఉందా అని. ఆయన 'ఫలానా రోజని చెప్పలేను గానీ చాలాసార్లు ఇచ్చిన' అంటే ప్రసంగంలో కూడా 'చాలాసార్లు' అనే రావాలి. ఆశా చెప్పిన రోజును ఆయన నోట పెట్టవద్దు.

ఇక మిగిలింది ఫోటో. దాని సంగతి సిస్టర్‌నే అడగవచ్చా? సర్‌ప్రైజ్ పోతుందని భయపడకండి. గ్రూపులో ఫోటో ఆమె కూడా చూసే ఉంటుంది. 'అక్కా, ఇది ఎక్కడ దిగింది?' అని మామూలుగా అడగండి, అంతకు మించి వద్దు. తండా గుర్తుంది, ఇల్లు గుర్తు లేదు అని ఆమె అంటే ఆ మాట కూడా ప్రసంగానికి పనికొస్తుంది.

ఒక్క దారం పట్టుకోండి

అయిదు నిమిషాల్లో ఒక మనిషి గురించి ఒక్క సంగతే నిలబడుతుంది. మన చేతిలో ఉన్నవాటిలో ఏది నిలబడాలి? ఏడు తండాలు, వాగు, ఐస్ ప్యాకులు, టార్చి, ఎక్స్ గుర్తు. వీటన్నిటిలో ఒకే పని కనిపిస్తుంది, మిగిలిపోయిన ఇంటికి మళ్లీ పోవడం. దారం అదే. ఐస్ ప్యాకులు దానికి సాయం వస్తాయి, ఎందుకంటే మళ్లీ పోవాలంటే డబ్బా చల్లగా ఉండాలి. ఏడు తండాలు కూడా వస్తాయి, మళ్లీ పోవడమంటే ఎంత దూరమో చెప్తాయి. వాగు గురించి సారు వివరం ఏమీ చెప్పలేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

చుక్కల మందు సీసా మీద ఉండే గుర్తు గురించి ఒక వాక్యం పెట్టుకోవచ్చు. గుండ్రటి రంగు మచ్చ లోపల తెల్లటి చతురస్రం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ ఆ చతురస్రం రంగు తిరుగుతుంది. చుట్టూ ఉన్న రంగుతో సమానమైతే ఆ సీసా వాడకూడదు. ఎండకు డబ్బా పెడితే ఆమె ఎందుకు ఊరుకునేది కాదో ఊరివాళ్లకు అర్థం కావడానికి ఇది చాలు.

తేదీలు, జిల్లాలు ఆఫీసు కాగితంతో సరిచూడండి

తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగింది. పుట్టిన నెల చివరి రోజున ఉద్యోగం ముగుస్తుంది. నెల 1వ తేదీన పుట్టినవాళ్లకు మాత్రం అంతకు ముందు నెల చివరి రోజునే ముగుస్తుంది. మన రికార్డుల్లో పుట్టిన తేదీ 1 అని పడ్డవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి ఇది చూసుకోండి. సభ ఆదివారం అని ఒకరోజు ముందో వెనకో పెట్టుకుంటే 'నేటితో రిటైర్ అవుతున్నారు' అనే మాట తప్పవుతుంది. 'ఈ నెలాఖరుతో' అంటే ఏ రోజైనా సరిపోతుంది.

జిల్లా పేరు దగ్గర కూడా జాగ్రత్త. 2016 అక్టోబరులో ఉమ్మడి నల్గొండ మూడు జిల్లాలైంది. దేవరకొండ నల్గొండలోనే ఉంది. సిస్టర్ మధ్యలో హుజూర్‌నగర్ వైపో, భువనగిరి వైపో పనిచేసి ఉంటే 'అప్పటి ఉమ్మడి నల్గొండ జిల్లా' అనాలి. పాలమూరు వాళ్లకు ఇది ఇంకా ఎక్కువ అవసరం. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో చేరిన వాళ్ల సబ్ సెంటర్ ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లోనో, వనపర్తిలోనో, గద్వాలలోనో, నారాయణపేటలోనో ఉండవచ్చు.

ఏవి రాయకూడదు

ఏఎన్ఎమ్ గురించి రాసేటప్పుడు ఈ భాగం మామూలు ఆఫీసు ప్రసంగాల కంటే గట్టిగా పాటించాలి. ఏ తల్లికి ఏ కష్టం వచ్చింది, ఎవరికి ఆపరేషన్ అయింది, ఎవరికి టీబీ మందులు ఇచ్చారు అనేవి సభలో రాకూడదు. పేరు చెప్పకపోయినా 'ఫలానా తండాలో మూడో ఇల్లు' అంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది. చీటీల్లో ఎవరైనా అలాంటిది రాసి ఉంటే దాన్ని వాడకుండా రాసినవాళ్లకే తిరిగి ఇచ్చేయండి. మన ఉదాహరణలో తాళం ఇంటి తండా పేరు కూడా అందుకే చెప్పడం లేదు. ఆ తల్లి ఆ రోజు పనికి పోయింది, అందులో తప్పేమీ లేదు. కానీ సభలో తన ఇల్లు మిగిలిపోయిన ఇల్లు అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ట్రాన్స్‌ఫర్ల గొడవలు, ఆగిపోయిన ఇంక్రిమెంట్లు, ఆరోగ్యం, ఇంటి సంగతులు కూడా వద్దు.

ఫోటోను ఫ్లెక్సీ మీద వేయాలని ఎవరో ఒకరు అంటారు. అందులో తల్లి, బిడ్డ ఉన్నారు. వాళ్లెవరో కనుక్కొని అడిగే వీలుంటే అడగండి. లేకపోతే సిస్టర్ ఉన్నంత మేరకే కత్తిరించి వేయించండి. ప్రసంగంలో మీరు మాటలతో చెప్పేదానికి ముఖాలు అక్కర్లేదు.

ఇప్పుడు రాయండి

అయిదు నిమిషాలంటే నిదానంగా చదివే మాటల్లో దాదాపు 450. ఎండలో షామియానా కింద కూర్చున్న వాళ్లకు నాలుగు నిమిషాలైనా చాలు. వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరి పేరూ హోదాతో చదివితే నిమిషం అక్కడే పోతుంది. ఆ పని సభ నడిపేవాళ్లు ఎలాగూ చేస్తారు. మీరు ఒక్క వాక్యంలో అందరికీ నమస్కారం పెట్టండి. భాష మీరు రోజూ దవాఖానాలో మాట్లాడేదే ఉండనివ్వండి. మీరు ఆమెను అక్కా అని పిలిచేవాళ్లైతే మొదట 'సిస్టర్ గారు' అని మొదలుపెట్టి, కథలోకి వచ్చాక 'అక్క'లోకి దిగవచ్చు. డాక్టరు గారు మాట్లాడుతుంటే మాత్రం చివరిదాకా 'సిస్టర్ గారు' అనడమే బాగుంటుంది.

మన ఉదాహరణకు ప్రసంగం ఇలా వస్తుంది:

'డాక్టరు గారికి, మన స్టాఫ్ అందరికీ, సిస్టర్ గారి ఇంటివాళ్లకు, తండాల నుంచి వచ్చిన అమ్మలకు, అన్నలకు నమస్కారం.

సిస్టర్ గారిది ఒక పాత ఫోటో మన గ్రూపులో అందరూ చూసిన్రు. భుజానికి నీలం డబ్బా, ముందు ఒక తల్లి, చంకలో బిడ్డ. నా కన్ను మాత్రం వెనకాల గోడ మీద పడ్డది. గోడ మీద సుద్దతో ఎక్స్ గుర్తు ఉంది.

స్టాఫ్‌కు దాని సంగతి తెలుసు, మిగతావాళ్లకు చెప్తా. పోలియో చుక్కలకు ఇల్లిల్లు తిరిగేటప్పుడు, ఆ ఇంట్ల అయిదేండ్ల లోపు పిల్లలందరికీ చుక్కలు పడితే గోడ మీద పి అని రాస్తం. ఒక్క పిల్ల మిగిలినా, ఇంటికి తాళం ఉన్నా ఎక్స్ అని రాస్తం. మల్ల రావాలె అని గుర్తు అది.

ఇది ఏ ఇల్లు అక్కా అని అడిగిన. తండా గుర్తుంది గానీ ఇల్లు గుర్తు లేదు అన్నది. ఎట్ల గుర్తుంటది? 1988ల చేరింది. ఏడు తండాలు తిరిగింది. అసొంటి గోడలు ఎన్నో.

ఒక ఇంటి సంగతి మాత్రం మన ఆశక్కకు గుర్తుంది. ఫోటోల ఉన్నది కాదు, ఇంకో తండాలది. ఇంటివాళ్లు బత్తాయి తోటకు కాయ తెంప పోయిన్రు. తాళం ఉంది. గోడ మీద ఎక్స్ రాసి వచ్చేసినా ఎవరూ ఏమనరు, తెల్లారి పోవచ్చు. అక్క పీహెచ్‌సీకి వచ్చి డబ్బాల ఐస్ ప్యాకులు మార్చుకున్నది. చీకటి పడ్డంక టార్చి పట్టుకొని మల్ల పోయింది. పిల్లగాడు నిద్రల ఉంటే తల్లి లేపి కూసోబెట్టింది. రెండు చుక్కలు పడ్డయి.

మన ఫార్మసిస్టు సారు అంటరు, అట్ల సాయంత్రం వచ్చి ఐస్ ప్యాకులు అడిగింది చాలాసార్లు అని. డబ్బా ఎవరన్న ఎండకు పెడితే అక్క ఊకునేది కాదు. మందు సీసా మీద ఒక తెల్ల గుర్తు ఉంటది. వేడి తగిలితే రంగు తిరుగుతది. చుట్టూ ఉన్న రంగుతోని సమానమైతే ఆ మందు పనికిరాదు. పొద్దంతా నడిచి పోయి పనికిరాని మందు వేస్తే ఏం లాభం అని అక్క బాధ.

2014 మార్చిల మన దేశానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాగితం ఇచ్చింది. ఆ కాగితం మీద మన సబ్ సెంటర్ పేరు లేదు. ఆ పని మాత్రం మన ఏడు తండాలల్ల కూడా జరిగింది, చేసింది ఎవరో ఇక్కడ కూసున్న అమ్మలకు తెలుసు.

అక్కా, నీ ఏడు తండాలకు ఇక మీద కొత్త సిస్టర్ పోతది. తాళం ఇండ్లు ఎవరివి, ఏ టైముకు ఇంట్ల ఉంటరు, నీకు తెలిసినంత ఎవరికీ తెల్వదు. రిటైర్ అయినంక ఒక్కరోజు ఆమెతోని తిరిగి చూపియ్యి. అడిగేది అదొక్కటే. స్టాఫ్ అందరి తరఫున నీకు నమస్కారం.'

చివరి కోరిక నేను కావాలని పెట్టాను. 'శేష జీవితం సుఖసంతోషాలతో' అనే మాట ఎవరో ఒకరు ఎలాగూ అంటారు. కలిసి పనిచేసిన వాళ్లు ఆమెకున్న తెలివి తమకు ఇంకా కావాలని అడిగితే, అంతకు మించిన గౌరవం నాకు కనిపించదు. కానీ ఇది కూడా ముందుగా ఆమెను అడగాల్సిన విషయమే. హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్న మనిషిని అందరి ముందు ఇరుకున పెట్టకూడదు. వెళ్లిపోతోందని తెలిస్తే 'ఫోన్ చేస్తే చెప్పక్కా' అని మార్చండి.

చదివి చూసుకోవడం

రాసింది ఒకసారి పైకి చదవండి, ఫోన్‌లో టైమ్ పెట్టుకొని. నోరు తిరగని చోట వాక్యం పొడుగైందని అర్థం. దాన్ని రెండుగా విరిచేయండి. తర్వాత ఆశా కార్యకర్తకు, ఫార్మసిస్టుకు వాళ్ల వాళ్ల ముక్క మాత్రం చదివి వినిపించండి. 'అట్ల అనలే సార్' అని వాళ్లు అనే చోట వెంటనే మార్చండి. తమ మాట అందరి ముందు వస్తుందని వాళ్లకు ముందే తెలియడం మంచిది కూడా. ఆశక్కకు పేరు రావడం ఇష్టం లేకపోతే 'మన ఆశాలలో ఒకరు' అంటే సరిపోతుంది.

సభ రోజు ఫోన్ చూసి చదవవద్దు. ఎండకు స్క్రీన్ కనపడదు, మధ్యలో ఎవరిదో కాల్ వస్తుంది. కాగితానికి ఒక వైపే, పెద్ద అక్షరాలతో రాసుకోండి, పేజీలకు నంబర్లు వేయండి. మనలో సభలు అనుకున్న టైముకు మొదలు కావు. మీ వంతు వచ్చేసరికి 'రెండు నిమిషాల్లో ముగించండి' అని చీటీ వస్తుంది. అందుకు ముందే సిద్ధంగా ఉండండి. ఇందులో సీసా గుర్తు పేరా, 2014 పేరా పక్కన పెన్సిల్ గీత పెట్టుకోండి. టైమ్ లేకపోతే ఆ రెండూ వదిలేయాలి. గోడ, తాళం ఇల్లు, చివరి కోరిక ఉంటే ప్రసంగం తెగదు.

మాట్లాడుతుంటే సిస్టర్ కళ్లు తుడుచుకోవచ్చు, మీ గొంతు పట్టుకోవచ్చు. టార్చి దగ్గర ఎక్కువగా అలా జరుగుతుంది. ఆ వాక్యం తర్వాత కాగితం మీద ముందే ఒక ఖాళీ గీత వదలండి. అక్కడికి రాగానే ఆగి, నీళ్లు తాగి, తర్వాతి వాక్యం చదవండి. క్షమించండి అనాల్సిన పని లేదు.

ఒక్కోసారి ఆమె కుర్చీలో నుంచే 'ఐస్ ప్యాకులు ఆయన ఇయ్యలే, తాళం తీసి నేనే తెచ్చుకున్న' అని అడ్డుపడవచ్చు. 'అక్క చెప్పిందే కరెక్ట్' అని అక్కడే ఆమె మాటను మైకులో మళ్లీ చెప్పి, పెన్నుతో కాగితం మీద దిద్దుకొని తర్వాతి వాక్యానికి పోండి. సభ అయ్యాక ఆ దిద్దిన కాగితం ఆమెకు ఇచ్చేయండి. చీటీలు రాసినవాళ్లకు, ఫోటో ప్రింటు ఇచ్చినవాళ్లకు తిరిగి చేరాలి.